పక్క మీద దొర్లితే గది గిర్రున తిరిగితే: చెవిలో జారిన రేణువులను గుర్తించడం, వెనక్కి పంపడం

తెల్లవారుజామున నాలుగున్నర. అలారం ఆపుదామని కుడి పక్కకు దొర్లగానే గది మొత్తం గిర్రున తిరిగింది. ఆగి ఉన్న ఫ్యానూ తిరిగింది, బీరువా తిరిగింది. మంచం పట్టె గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంటే అర నిమిషంలో తగ్గింది గానీ, కడుపులో తిప్పి వాంతి అయింది. లేచి కూర్చోగానే మళ్లీ ఓ పది సెకన్లు తిరిగింది.

విజయవాడ పటమటలో ఉండే 61 ఏళ్ల గృహిణికి ఇలా జరిగిందనుకుందాం. సుగరు, బీపీ రెండూ ఉన్నాయి, మాత్రలు వేసుకుంటారు. సాయంత్రంలోపు ఆవిడకు నాలుగు జబ్బులు తేలిపోతాయి. పక్కింటావిడ "పైత్యం చేసింది వదినా, ధనియాల కషాయం తాగు" అంటుంది. తమ్ముడు ఫోన్ చేసి "బీపీ డౌన్ అయ్యుంటుందక్కా, ఉప్పేసిన మజ్జిగ తాగు" అంటాడు. మందుల షాపులో చెవి నరం బలహీనమని ఐదు రోజులకు తల తిరుగుడు బిళ్లలు కట్టిస్తారు. మెడ ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు అరిగాయని మెడకు పట్టీ వస్తుంది.

నాలుగూ తప్పే. ఆవిడకు వచ్చింది చెవి డాక్టర్లు బీపీపీవీ అనే తల తిరుగుడు. తల ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు మారినప్పుడు హఠాత్తుగా వస్తుంది, కాసేపటికి తనంతట తానే ఆగుతుంది, ప్రాణం మీదికి తేదు. పేరులో బీపీ అన్న అక్షరాలు ఉన్నాయి గానీ రక్తపోటుతో దీనికి ఏ సంబంధమూ లేదు. దీన్ని బాగుచేసేది బిళ్ల కాదు, తలను ఒక వరుసలో తిప్పడం. ఆ వరుస ఏమిటో చెప్పే ముందు, అది ఏ తల తిరుగుడుకు పనికొస్తుందో, దేనికి పనికిరాదో తేల్చుకోవాలి.

ముందు ఒక్క ప్రశ్న: లేచినప్పుడా, దొర్లినప్పుడా?

"కళ్లు తిరిగాయి" అన్న ఒక్క మాటతో మనం చాలా బాధలు చెప్పేస్తాం. కళ్లు బైర్లు కమ్మినా అదే మాట, నడుస్తుంటే తూలినా అదే మాట, గది బొంగరంలా తిరిగినా అదే మాట. ఎలా అనిపించిందని అడిగితే మనిషి ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా చెబుతాడు. అందుకే ఎలా ఉందన్నది పక్కన పెట్టి రెండు సంగతులు అడగాలి. ఏం చేస్తే వచ్చింది? ఎంతసేపు ఉంది?

మొదటిదానికి జవాబు మంచం మీదే దొరుకుతుంది. పడుకున్న మనిషి లేవకుండా, తల దిండు మీదే ఉంచి పక్కకు దొర్లినప్పుడు గది తిరిగిందా? తిరిగితే అది బీపీ పడిపోవడం కాదు. పడుకుని ఉన్నప్పుడు రక్తం మెదడుకు ఎత్తు ఎక్కాల్సిన పనే లేదు, కుడికి తిరిగినా ఎడమకు తిరిగినా పోటు మారదు. బీపీ పడే మనిషికి బాధ లేచి నిలబడ్డాకే వస్తుంది, మళ్లీ పడుకుంటే పోతుంది. బీపీపీవీ ఉన్న మనిషికి పడుకోవడమే బాధ తెస్తుంది. రెండూ ఒకదానికొకటి తలకిందులు.

లేచినప్పుడు మాత్రమే వస్తోందంటే ఇంట్లోనే కొలవవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే బాధ అక్కడే ఉంది. ప్రొస్టేట్‌కు వేసుకునే టామ్సులోసిన్, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, ఈ మధ్యే డోసు పెంచిన బీపీ మాత్రలు ఇందుకు మామూలు కారణాలు. మన వైపు మే నెల ఎండలో నీళ్లు తక్కువ తాగితే ఇది మరీ ఎక్కువ. అలాగని మాత్ర మీరే ఆపెయ్యకండి, ఆ అంకెలు రాసుకెళ్లి రాసిచ్చిన డాక్టరుకు చూపండి.

మన పటమట గృహిణి ఆ ఉదయం చూసుకున్న సుగరు 142, బీపీ 160/90. ఆ 160 చూసి "బీపీ పెరిగి తల తిరిగింది" అనుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే. గది తిరిగి, భయపడి, వాంతి చేసుకున్న ఎవరికైనా బీపీ ఆ కాసేపు పెరుగుతుంది. అది తల తిరగడం వల్ల వచ్చిన పెరుగుదల, తల తిప్పించినది కాదు.

చెవిలో ఏం జరిగింది

లోపలి చెవిలో యుట్రికిల్ అనే చిన్న సంచి ఉంటుంది. దాని అడుగున జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు అతుక్కుని ఉంటాయి. సున్నపురాయిలో ఉండే పదార్థమే అది. తల ఎటు వాలిందో ఆ రేణువుల బరువును బట్టే మెదడుకు తెలుస్తుంది. ఆ సంచిని ఆనుకుని మూడు అర్ధవర్తుల గొట్టాలు ఉంటాయి, వాటి నిండా ద్రవం. తల ఎటు, ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పడం వాటి పని. వయసుతో గానీ, తలకు దెబ్బ తగిలి గానీ, చాలాకాలం మంచాన పడి గానీ కొన్ని రేణువులు ఊడి గొట్టంలోకి జారతాయి. ఎక్కువ మందిలో జారేది వెనక గొట్టంలోకే, నిలబడినా పడుకున్నా అది మిగతా రెండింటి కన్నా కిందుగా ఉంటుంది కాబట్టి.

మేస్త్రీలు గోడ మట్టం చూసే లెవెల్ పైపు గుర్తు తెచ్చుకోండి. ఆ నీళ్ల పైపులో చిటికెడు ఇసుక పడిందనుకోండి. పైపు కదలకుండా ఉంటే ఇసుక అడుగున కూర్చుంటుంది, ఏ గొడవా లేదు. పైపు వంచితే ఇసుక జారుతుంది, జారుతూ నీటిని తోస్తుంది. చెవిలోనూ అంతే. మీరు దొర్లడం ఆపేసినా రేణువులు ఇంకా జారుతూనే ఉంటాయి, ద్రవం కదులుతూనే ఉంటుంది. "తల ఇంకా తిరుగుతోంది" అని ఆ చెవి చెబుతుంది, "లేదు, ఆగింది" అని రెండో చెవీ కళ్లూ చెబుతాయి. ఆ తగువే గది తిరగడం.

ఈ ఒక్క బొమ్మ మనసులో ఉంటే జబ్బు లక్షణాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. రేణువులు కదలడం మొదలుపెట్టడానికి కొన్ని సెకన్లు కావాలి, అందుకే దొర్లగానే కాకుండా ఒకటి రెండు క్షణాలు ఆగి తిరుగుడు మొదలవుతుంది. అవి అడుగుకు చేరితే ద్రవం ఆగుతుంది, అందుకే నిమిషం లోపు తగ్గిపోతుంది. అదే కదలిక వెంటనే మళ్లీ చేస్తే రేణువులు చెదిరిపోయి ఉంటాయి, కాబట్టి రెండోసారి తక్కువగా వస్తుంది. లేచి కూర్చుంటే అవి వెనక్కి జారతాయి, కాబట్టి ఎదురు దిశలో ఇంకోసారి తిరుగుతుంది.

పక్క దిగాక కూడా దీని గుర్తులు ఇంట్లోనే కనిపిస్తాయి. అటక మీది ఆవకాయ జాడీ కోసం తల పైకెత్తితే వస్తుంది. తలంటు పోసుకుంటూ తల వెనక్కి వాలిస్తే వస్తుంది, బ్యూటీ పార్లర్‌లో తల కడిగించుకుంటే వస్తుంది, గుంటూరు మిర్చి యార్డులో పైవరస బస్తా వంక చూస్తే వస్తుంది. తలను తిన్నగా పెట్టుకుని టీవీ చూస్తున్నప్పుడు మాత్రం రాదు.

నిమిషం దాటితే వేరే లెక్క

ఇక రెండో ప్రశ్న, ఎంతసేపు. ఇక్కడ ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. "రోజంతా తిరుగుతూనే ఉంది" అంటారు. నిజానికి తిరిగింది అర నిమిషం, ఆ తర్వాత మిగిలినది వికారం, తేలిపోతున్నట్టు ఉండటం, మళ్లీ వస్తుందేమోనన్న భయం. అందుకే ఇలా అడగాలి: కుర్చీలో వెనక్కి ఆనుకుని, తల కదపకుండా, కళ్లు తెరిచి కూర్చుంటే ఇప్పుడు గోడ తిరుగుతోందా? "లేదు, ఇప్పుడు లేదు, కదిలితేనే" అంటే బీపీపీవీ వైపు మొగ్గు. "అవును, ఇప్పుడూ తిరుగుతోంది" అంటే అది ఇది కాదు.

"తల కదిపితే ఎక్కువవుతోంది" అన్న మాటతోనూ జాగ్రత్త. ఏ తల తిరుగుడైనా తల కదిపితే ఎక్కువవుతుంది. లేనిది కదిపితే వచ్చిందా, ఉన్నది కదిపితే పెరిగిందా? తేడా అంతా అక్కడే ఉంది. బీపీపీవీలో కదలకపోతే తిరుగుడు సున్నా.

గంటలు, రోజుల తరబడి ఆగకుండా తిరుగుతూ, వాంతులతో మంచం దిగలేకపోతే చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం వాచి ఉండవచ్చు, మెదడు వెనక భాగంలో పక్షవాతమూ కావచ్చు. ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల పాటు తిరిగి, దాంతోపాటు ఒక చెవిలో హోరు, నిండినట్టు ఉండటం, వినికిడి తగ్గడం కనిపిస్తే మెనియర్స్ అనే జబ్బు వైపు చూడాలి. తలనొప్పితో గానీ, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడంతో గానీ ఐదు నిమిషాల నుంచి మూడు రోజుల దాకా ఎంతసేపైనా ఉండి, పాత మైగ్రేన్ చరిత్ర కూడా ఉంటే మైగ్రేన్‌తో వచ్చే తిరుగుడు. వీటిలో దేనికీ కింద చెప్పబోయే తల తిప్పుడు పనిచేయదు.

వీటిలో పక్షవాతానికి మాత్రం ఆలస్యం పనికిరాదు. కింది వాటిలో ఒక్కటి ఉన్నా ఇంట్లో ఏ కసరత్తూ చేయకుండా 108కి ఫోన్ చేయాలి:

- మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, మొద్దుబారడం
- ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం
- పట్టుకోకుండా నిలబడలేకపోవడం, సాయం లేకుండా కూర్చోలేకపోవడం
- ఎన్నడూ లేనంత తలనొప్పి లేదా మెడనొప్పి హఠాత్తుగా రావడం
- ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోవడం
- స్పృహ తప్పడం, గుండె దడ, ఛాతీ నొప్పి

గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. సీటీ స్కాన్ మామూలుగా ఉందన్నా మెదడు వెనక భాగపు పక్షవాతం మొదటి గంటల్లో అందులో కనిపించకపోవచ్చని గుర్తుంచుకోండి. "స్కాన్‌లో ఏం లేదు, పైత్యమే" అని ఇంటికి వచ్చేశాక తూలుతూనే ఉంటే మళ్లీ వెళ్లండి.

ఏ చెవో తేల్చడం

వైద్యంలో ఇది సగం పని. తప్పు చెవికి ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం రాదు.

ఇంట్లో మొదటి ఆధారం పక్క. వెనక గొట్టంలో రేణువులున్న మనిషికి ఆ చెవి కింద ఉండేలా తిరిగినప్పుడే ఎక్కువగా వస్తుంది. పటమట గృహిణికి కుడి పక్కకు దొర్లితే వచ్చింది, ఎడమకు దొర్లితే రాలేదు. కాబట్టి కుడి చెవి అనుమానం.

దాన్ని రుజువు చేసే పరీక్షను మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ 1952లో వివరించారు, ఇప్పటికీ వాళ్ల పేరు మీదే నడుస్తోంది. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, తలను 45 డిగ్రీలు కుడికి తిప్పి, అదే కోణంలో ఉంచి గబుక్కున వెనక్కి పడుకోబెడతారు, తల భుజాల కన్నా కొద్దిగా కిందికి వాలేలా. కళ్లు తెరిచి ఉంచమంటారు. కుడి వెనక గొట్టంలో రేణువులుంటే కొన్ని సెకన్ల తర్వాత కనుగుడ్లు నుదురు వైపుకు ఎగరేసినట్టు కొట్టుకుంటాయి, అదే సమయంలో కింద ఉన్న కుడి చెవి వైపుకు మెలితిరుగుతుంటాయి. నిమిషంలోపు ఆగిపోతాయి. ఈ కంటి కదలికే అసలు సాక్ష్యం. పేషెంటు "తిరిగింది" అనడం మాత్రమే సరిపోదు.

మొదటిసారి వచ్చినప్పుడు ఈ పరీక్ష ఈఎన్‌టీ లేదా న్యూరాలజీ డాక్టరు దగ్గర చేయించుకోవడమే మంచిది. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో ఈఎన్‌టీ ఓపీ ఉంటుంది, రెండు ఊళ్లకూ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు, ఒక బల్ల, ఐదు నిమిషాల తీరిక చాలు. ఒక్క మాట అడగండి: "పడుకోబెట్టి కళ్లు చూసే పరీక్ష చేస్తారా అండీ?" వెళ్లేముందు ఇంట్లోవాళ్లు సెల్‌ఫోన్‌తో తల తిరుగుతున్నప్పటి కళ్లను దగ్గరగా వీడియో తీసి ఉంచితే డాక్టరుకు అది ఎక్స్‌రే కన్నా ఎక్కువ పనికొస్తుంది. వెలుతురు బాగుండాలి, కళ్లు తెరిచి ఉండాలి, పడుకున్న క్షణం నుంచి ఆగేదాకా ఆపకుండా తీయాలి.

రెండు పక్కలకూ విపరీతంగా తిరిగితే, కళ్లు పైకి కాకుండా పక్కలకు కొట్టుకుంటే రేణువులు వెనక గొట్టంలో కాదు, అడ్డ గొట్టంలో ఉండవచ్చు. దానికి తల తిప్పే పద్ధతి వేరు. అది డాక్టరు చేతుల్లోనే జరగాలి. కళ్లు నేరుగా కింది వైపుకే కొట్టుకుంటూ, పడుకున్నంతసేపూ ఆగకపోతే మెదడు పరీక్ష అవసరం.

ఎప్లీ పద్ధతి, కుడి చెవికి

అమెరికాలోని ఓరెగాన్‌కు చెందిన చెవి వైద్యుడు జాన్ ఎప్లీ ఈ వరుసను 1980లో తోటి వైద్యులకు చూపించాడు. మొదట్లో చాలామంది నమ్మలేదు, 1992లో గానీ పూర్తి వ్యాసం అచ్చు కాలేదు. ఇసుక పడిన లెవెల్ పైపును మలుపు తర్వాత మలుపుగా తిప్పుతూ ఇసుకను పైపు నోటి దాకా తెచ్చి బయట పారబోయడం, ఇందులో ఉన్నది అంతే. ఇక్కడ బయట అంటే రేణువులు ఊడివచ్చిన యుట్రికిల్ సంచే. అక్కడికి చేరాక అవి తల తిప్పించలేవు, నెమ్మదిగా కరిగిపోతాయి.

మెడకు ఆపరేషన్ అయినవాళ్లు, మెడ ఎముకల్లో నిలకడ లేనివాళ్లు, మెడ దాకా పాకిన కీళ్లవాతం ఉన్నవాళ్లు, మెడ రక్తనాళం సన్నబడిందని తెలిసినవాళ్లు, కంటి రెటీనా ఈ మధ్యే ఊడినవాళ్లు ఇంట్లో చేసుకోకూడదు. తిన్న రెండు గంటల తర్వాత చేయండి. పక్కన ఒక మనిషి, చేతికందేలా ఒక బేసిన్ ఉండాలి. నులక మంచం, మధ్యలో గుంటపడిన పరుపు పనికిరావు, శరీరం కుంగి కోణాలు తప్పుతాయి. చదునైన చెక్క మంచమో దివానో మేలు. మామూలు దిండు ఒకటి చాలు. పడుకున్నప్పుడు అది తల కింద కాకుండా భుజాల కింద ఉండేలా అమర్చుకోవాలి. అప్పుడు తల దానంతటదే కాస్త వెనక్కి వాలుతుంది.

1. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. తలను కుడికి 45 డిగ్రీలు తిప్పండి. గడ్డం భుజం మీదికి పూర్తిగా వచ్చేస్తే అది 90, దానిలో సగం చాలు.

2. ఆ కోణం చెదరకుండా ఒక్క ఊపున వెనక్కి పడుకోండి. భుజాలు దిండు మీద, తల పరుపు మీద కొంచెం వెనక్కి వాలి, ముఖం కుడికి. గది తిరుగుతుంది. తిరగాలి కూడా, రేణువులు కదిలాయనడానికి అదే గుర్తు. భయపడి లేవకండి. తిరుగుడు ఆగాక మరో 30 సెకన్లు అలాగే ఉండండి. అసలు తిరగకపోయినా కనీసం ఒక నిమిషం ఉండండి.

3. తల పైకెత్తకుండా, వెనక్కి వాలినది వాలినట్టే ఉంచి, ఎడమకు 90 డిగ్రీలు తిప్పండి. ఇప్పుడు ముఖం ఎడమకు 45 డిగ్రీలు ఉంటుంది. మళ్లీ 30 సెకన్ల నుంచి నిమిషం.

4. ఇప్పుడు ఎడమ భుజం మీదికి ఒత్తిగిల్లండి. తల, శరీరం కలిసి ఇంకో 90 డిగ్రీలు తిరగాలి, చివరికి ముక్కు నేల వైపు చూడాలి. ఇక్కడ మళ్లీ కొంచెం తిరగవచ్చు, అదీ అదే దిశలో తిరిగితే మంచి సూచన. మళ్లీ 30 సెకన్ల నుంచి నిమిషం.

5. గడ్డం ఛాతీకి దగ్గరగా ఉంచి, కాళ్లు మంచం ఎడమ అంచు నుంచి కిందికి దించి, నెమ్మదిగా లేచి కూర్చోండి. సాయంగా ఉన్న మనిషి భుజాలు పట్టుకోవాలి. లేవగానే ఎవరో ముందుకు తోసినట్టు ఒక్క క్షణం అనిపించవచ్చు, పడిపోయేది అక్కడే. రెండు మూడు నిమిషాలు కూర్చున్నాకే నిలబడండి.

ఎడమ చెవికైతే కుడి అన్నచోట ఎడమ, ఎడమ అన్నచోట కుడి అనుకోవాలి.

పటమట గృహిణికి ఆసుపత్రిలో కుడి వైపు పడుకోబెట్టగా నాలుగు సెకన్ల తర్వాత మొదలై ఇరవై సెకన్లు తిరిగిందనుకోండి. వెంటనే పై వరుస ఒకసారి చేస్తారు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ పడుకోబెట్టి చూస్తే ఆరు సెకన్లే, అదీ మెల్లగా. రెండోసారి వరుస చేశాక పడుకోబెడితే కళ్లు కదలవు. మర్నాడు నాలుగున్నరకు అలారం ఆపడానికి కుడికి దొర్లినా ఏమీ లేదు. నడుస్తుంటే మాత్రం పడవలో ఉన్నట్టు ఓ ఐదు రోజులు ఉంటుంది. రేణువులు వెళ్లాక కూడా ఇలా తేలిపోవడం కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా మామూలే. "ఇంకా తగ్గలేదు" అని మళ్లీ మళ్లీ ఎప్లీ చేయకూడదు. పక్క మీద దొర్లితే గది తిరుగుతోందా లేదా అన్నదే కొలబద్ద.

ఇంట్లో చేస్తే ఎక్కడ తప్పుతుంది

ఎక్కువగా తప్పేది మూడో మెట్టులో. తల తిప్పమంటే జనం తల ఎత్తి తిప్పుతారు. ఎత్తిన క్షణంలో రేణువులు వచ్చిన దారినే వెనక్కి జారిపోతాయి, అప్పటిదాకా చేసింది వృథా. సాయంగా ఉన్న మనిషి రెండు చేతులతో తలను పట్టి పరుపుకు తాకించి తిప్పితే ఈ తప్పు జరగదు.

రెండో తప్పు నాలుగో మెట్టులో ముఖం గోడ వైపు ఉండిపోవడం. శరీరం తిరుగుతుంది, తల మాత్రం సగంలో ఆగుతుంది. ముక్కు కొసకు దారం కట్టి వదిలితే అది పరుపు మీద పడాలి, అంత కిందికి చూడాలి. మూడోది తొందర. తిరుగుడు ఆగగానే తర్వాతి మెట్టుకు పోతారు, చిన్న రేణువులు ఇంకా జారుతూనే ఉంటాయి.

వరుస మధ్యలోనో, తర్వాతి పూటో హఠాత్తుగా రెండు పక్కలకూ ఇంతకుముందు కన్నా ఎక్కువగా తిరగడం మొదలైతే రేణువులు వెనక గొట్టం నుంచి అడ్డ గొట్టంలోకి దారి తప్పాయన్నమాట. ప్రమాదం కాదు, తరచూ కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, కానీ ఇంట్లో ఎప్లీ ఆపి డాక్టరుకు చూపించాలి.

ఏ చెవో తేలినవాళ్లు ఇంట్లో రోజుకు మూడుసార్లు చేసుకోవచ్చు. వరుసగా 24 గంటలు ఏ భంగిమలోనూ తిరగకపోతే ఆపేయాలి. వారం గడిచినా మార్పు లేకపోతే చెవి తప్పు, లేదా గొట్టం తప్పు, లేదా జబ్బే వేరు. అలాంటప్పుడు అదే పట్టుదలగా చేయడంలో అర్థం లేదు.

చేశాక రెండు రాత్రులు కూర్చునే నిద్రపోవాలని, మెడ కదపకూడదని ఒకప్పుడు చెప్పేవారు. దానివల్ల పెద్దగా లాభం లేదని తర్వాత తేలింది. మామూలుగా పడుకోండి.

బిళ్లలు, మెడ పట్టీ

సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, బీటాహిస్టిన్. మన వైపు తల తిరుగుడు అనగానే చీటీలో వచ్చే మూడు పేర్లు. వీటిలో ఏదీ రేణువును అంగుళంలో వెయ్యో వంతు కూడా కదపలేదు. మొదటి రెండూ మెదడుకు వచ్చే తిరుగుడు సమాచారాన్ని మొద్దుబార్చి వికారం తగ్గిస్తాయి. వాంతులు ఆగకపోతే ఒకటి రెండు రోజులకు, లేదా ఎప్లీ చేయించుకునే ముందు ఒక డోసుకు పనికొస్తాయి. నెలల తరబడి వేసుకుంటే పెద్దవాళ్లకు మత్తు, రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ పడిపోవడం, చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం వస్తాయి. అరవై దాటిన మనిషికి తల తిరుగుడు బిళ్ల ఆరు నెలలుగా నడుస్తూ కొత్తగా చెయ్యి వణుకుతుంటే ఆ చీటీ తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

"కానీ బిళ్లలతో నాకు తగ్గిందే" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. బీపీపీవీ చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, ఆ వారాల్లో మింగిన దేనికైనా పేరు వచ్చేస్తుంది. మెడ పట్టీ కథా అంతే. పట్టీ వేస్తే తల తిప్పలేరు, తిప్పకపోతే రేణువులు కదలవు, కదలకపోతే తిరగదు. రేణువులు మాత్రం గొట్టంలోనే ఉంటాయి. ఇక ఎక్స్‌రేలో కనిపించిన అరుగుదల యాభై దాటిన చాలామంది మెడల్లో ఉంటుంది, తల తిరగనివాళ్ల మెడల్లోనూ ఉంటుంది.

మళ్లీ వస్తే

వస్తుంది. ఐదేళ్లలో సుమారు సగం మందికి తిరిగి వస్తుంది, కాబట్టి మొదటిసారి ఏ చెవో, ఏ వరుసతో తగ్గిందో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించుకోవడం మంచిది. రెండోసారి రెండో చెవికీ రావచ్చు, కాబట్టి ఏ పక్కకు దొర్లితే వచ్చిందో ముందు చూసుకోండి. పదే పదే వస్తుంటే విటమిన్ డి పరీక్ష చేయించండి. మిల్లీలీటరు రక్తంలో 20 నానోగ్రాముల కన్నా తక్కువ ఉన్నవాళ్లు విటమిన్ డి, కాల్షియం తీసుకుంటే తిరిగి రావడం తగ్గుతుంది. ఆడవాళ్లకు ముట్లుడిగాక ఎముకల సాంద్రత కూడా చూడమని అడగవచ్చు.

తిరుగుడు ఉన్న రోజుల్లో నిచ్చెన ఎక్కవద్దు, బండి నడపవద్దు. కృష్ణా ఘాట్‌లో మునక మాత్రం అసలు వేయవద్దు. నీళ్లలో తల వెనక్కి వాలి గొట్టంలో రేణువులు కదిలితే పైకి ఏది, కిందికి ఏదన్నది మనిషికి తెలియదు. ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకోండి, అదీ తల వెనక్కి వాల్చకుండా ముందుకు వంచి.